ఒక అంకె ఎలా పుట్టింది: మోటారు ప్రమాద పరిహారపు అవార్డును వెనక్కి విప్పి చూస్తే

మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి నాగపూర్ వైపు వెళ్తుంది. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు సాగుతుంది. ఈ రెంటినీ అవుటర్ రింగు రోడ్డు అడ్డంగా కలుపుతుంది. తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీకి వెళ్లే కంపెనీ బస్సులు, రెడీమిక్స్ లారీలు, కూరగాయల ఆటోలు, కూలీలను ఎక్కించుకున్న బైకులు ఈ రోడ్ల మీదే తిరుగుతాయి. ప్రమాదం జరిగితే ఇంటికి వచ్చే కాగితాల్లో చివరిది ట్రిబ్యునల్ అవార్డు. పది పదిహేను పేజీలుంటుంది. చాలా కుటుంబాలు ఆఖరి పేజీ తిప్పి మొత్తం ఎంతో చూసుకుంటాయి. ఆ మొత్తం ఎక్కడ పుట్టిందో మధ్య పేజీల్లో రెండు మూడు పేరాల్లో ఉంటుంది, అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ.

ఆ రెండు మూడు పేరాలే ఈ వ్యాసానికి విషయం. ఆదాయం, వయసు గుణకం, కోతలు అనే మూడూ కలిసి ఆఖరి అంకెను ఎలా తయారుచేస్తాయో, వాటిలో దేని బరువు ఎంతో చూడాలని ప్రయత్నం. ఇందుకు రెండు లెక్కలు తీసుకున్నాను. ఒకటి నిజమైనది. సికింద్రాబాద్ ట్రిబ్యునల్‌లో మొదలై, హైకోర్టు మీదుగా వెళ్లి 2025లో సుప్రీంకోర్టులో తేలిన కేసు. రెండోది శామీర్‌పేట పరిసరాల్లోని ఒక సెంట్రింగ్ కూలీ కుటుంబం పేరిట నేను కట్టిన నమూనా. ఆ కుటుంబం కల్పితం, లెక్క కట్టే పద్ధతి మాత్రం కోర్టులు వాడేదే. రెంటినీ పక్కపక్కన పెట్టడానికి కారణముంది. మొదటి కేసులో జీతం కాగితాల మీద ఉంది, రెండో దానిలో లేదు. పరిహారపు లెక్కలో ఇంతకన్నా పెద్ద తేడా ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మొదటి కేసు. 2009 జూన్ 13న అన్నవరం నుంచి రాజమండ్రి వైపు వెళ్తున్న కారును ఆర్టీసీ బస్సు ఢీకొంది. కారులో భర్త, ఇద్దరు కూతుళ్లతో ప్రయాణిస్తున్న 43 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయారు. ఆమె అమెరికాలో ఉద్యోగి, నెల జీతం 11,600 డాలర్లు. ట్రిబ్యునల్ 8 కోట్ల 5 లక్షల వరకు ఇచ్చింది. హైకోర్టు దాన్ని 5 కోట్ల 75 లక్షలకు తగ్గించింది. సుప్రీంకోర్టు 9,64,52,220 రూపాయలుగా తేల్చింది. ప్రమాదం అదే, మనిషి అదే, చట్టమూ అదే. మూడు కోర్టుల్లో మూడు మొత్తాలు వచ్చాయి. అలాంటప్పుడు అంకె న్యాయమూర్తి మనసులోంచి ఊడిపడిందని బయటివాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆ అంకెను వెనక్కి విప్పుకుంటూ పోతే ఊహకు మిగిలే చోటు చాలా తక్కువని తెలుస్తుంది.

నెలకు 11,600 డాలర్లంటే ఏడాదికి 1,39,200. చనిపోయిన మనిషి బతికి ఉంటే జీతం పెరిగేది కాబట్టి దీనికి 30 శాతం కలిపారు, 1,80,960 అయింది. ఆమె తన సొంతానికి ఖర్చు పెట్టుకునే భాగం ఇంటికి చేరేది కాదు గనక మూడో వంతు తీసేశారు, 1,20,640 మిగిలింది. ఏడాదికి కుటుంబం కోల్పోయింది ఇది. దీన్ని వయసును బట్టి వచ్చే 14తో గుణిస్తే 16,88,960 డాలర్లు. డాలరుకు 57 రూపాయల చొప్పున మారిస్తే 9,62,70,720 రూపాయలు. భర్తకు, ఇద్దరు కూతుళ్లకు సాహచర్య నష్టం కింద తలా 48,400, ఆస్తి నష్టం కింద 18,150, అంత్యక్రియలకు 18,150, అన్నీ కలిపి 1,81,500. రెండూ కూడితే 9,64,52,220. రూపాయితో సహా సరిపోతుంది.

ఇందులో ఒక్క అంకె కూడా ఆ కేసు కోసం కొత్తగా కనిపెట్టింది కాదు. 30 శాతం ఎక్కడిది? 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పెట్టిన పట్టిక నుంచి. పర్మినెంటు ఉద్యోగి వయసు 40 లోపైతే ఆదాయానికి సగం, 40 నుంచి 50 మధ్యైతే 30 శాతం, 50 నుంచి 60 మధ్యైతే 15 శాతం కలపాలి. సొంతంగా పనిచేసుకునే వాళ్లకూ, పెరుగుదల లేని జీతగాళ్లకూ అవే వయసులకు 40, 25, 10 శాతం. మూడో వంతు కోత, గుణకం 14 అనేవి 2009 నాటి సరళా వర్మ తీర్పులోవి. ఆశ్రితులు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, అంతకు మించితే ఐదో వంతు కోస్తారు. పెళ్లి కాని వారికి మామూలుగా సగం. సాహచర్య నష్టానికి 40,000, ఆస్తి నష్టానికి 15,000, అంత్యక్రియలకు 15,000 అని ప్రణయ్ సేఠీలోనే నిర్ణయించి, మూడేళ్లకోసారి పది శాతం పెంచమన్నారు. రెండుసార్లు పెంచితే 40,000 కాస్తా 48,400 అవుతుంది, 15,000 కాస్తా 18,150 అవుతుంది. ఆ అంకెలు చూడగానే ఏ కాలపు లెక్కో పోల్చుకోవచ్చు. సాహచర్య నష్టాన్ని భార్యకో భర్తకో మాత్రమే కాకుండా పిల్లలకూ తల్లిదండ్రులకూ విడివిడిగా ఇవ్వాలన్నది 2018 నాటి మాగ్మా జనరల్ ఇన్సూరెన్స్ తీర్పు.

ఇక్కడ ఒక చిన్న గణిత విషయం. ఈ లెక్కంతా గుణకారాల గొలుసు, చివరి కూడిక ఒక్కటే తేడా. గుణకారంలో వరస మారినా ఫలితం మారదు. ముందు కోసి తర్వాత కలిపినా, ముందు కలిపి తర్వాత కోసినా అంతే వస్తుంది. అందువల్ల ఏ మెట్టు ముందన్నది ప్రశ్న కాదు, ఏ మెట్టులో ఏ అంకె పడిందన్నదే ప్రశ్న. దీన్ని కొలవడానికి ఒక దారి ఉంది. నెల ఆదాయాన్ని ఒక్క రూపాయి అనుకుని గొలుసంతా తిప్పి చూడాలి. పై కేసులో 12ను 1.3తో, మూడింట రెండు వంతులతో, 14తో గుణిస్తే 145.6 వస్తుంది. అంటే ఋజువైన నెల జీతంలో ప్రతి ఒక్క డాలరూ చివర 145 డాలర్ల 60 సెంట్లుగా తేలుతుంది. కోర్టులు ఈ అంకెను ఎక్కడా రాయవు. ఇది నా సౌకర్యం కోసం వేసుకున్నది. అయినా ఏ అవార్డు చేతికొచ్చినా ముందు దీన్ని వేసుకుంటే మిగతా చదువు తేలికవుతుంది.

ఒక్కో మెట్టును కదిపి చూద్దాం. ఆమె ఉద్యోగం పర్మినెంటు కాదని తేలి ఉంటే 30 శాతం బదులు 25 శాతమే కలిసేది. ఐదు శాతమే కదా అనిపిస్తుంది, కానీ చివర 37,02,720 రూపాయలు తగ్గేవి. ఆశ్రితులు ముగ్గురు కాక నలుగురని ఒప్పుకుని ఉంటే కోత మూడో వంతు నుంచి నాలుగో వంతుకు దిగి, కోటీ 20 లక్షలకు పైగా పెరిగేది. ఆమె వయసు 43 కాక 46 అని రికార్డయి ఉంటే గుణకం 13 అయి 68,76,480 పోయేది. డాలరు రేటు సంగతి ఇంకా విచిత్రం. ప్రమాదం జరిగిన 2009 జూన్‌లో డాలరు 47, 48 రూపాయల మధ్య ఉంది. విదేశీ ఆదాయాన్ని క్లెయిమ్ దాఖలు చేసిన నాటి రేటుతో మార్చాలన్న సూత్రం 2013లో జీజు కురువిళ్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రేటులో ఒక్క రూపాయి తేడా ఈ కేసులో 16,88,960 రూపాయలు. తొమ్మిది రూపాయల తేడా కోటిన్నర దాటుతుంది. ఆమె పనికీ, కుటుంబం నష్టానికీ దీనితో ఏ సంబంధమూ లేదు. పిటిషన్ ఏ రోజు దాఖలైందన్నదే కారణం.

ఇన్ని కోట్ల మధ్య సాహచర్య నష్టం, అంత్యక్రియలు లాంటివన్నీ కలిపి 1,81,500 అని గుర్తుంచుకుంటే బాగుంటుంది. మొత్తంలో అర శాతం కూడా కాదు. అవార్డుల్లో ఈ తలల కింద వాదన ఎక్కువ, డబ్బు తక్కువ.

గుణకం సంగతి ఇంకొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే కుటుంబాలకు అందులోనే అన్యాయం కనిపిస్తుంది. 43 ఏళ్ల మనిషి 60 వరకు పనిచేసినా 17 ఏళ్లు. మరి 14 ఏమిటి? సమాధానం రెండు ముక్కల్లో ఉంది. ఆ 17 ఏళ్ల సంపాదన ఏడాదికేడాది విడిగా రాదు, ఒక్కసారే చేతికి వస్తుంది. దాని మీద వడ్డీ వస్తుంది కనుక పూర్తి 17తో గుణిస్తే ఎక్కువ ఇచ్చినట్టవుతుంది. రెండోది, ఆ 17 ఏళ్లూ ఆమె ఆరోగ్యంగా, ఉద్యోగంలో ఉండేదన్న హామీ లేదు. పట్టిక ప్రకారం 15 నుంచి 25 ఏళ్ల వారికి 18, 26 నుంచి 30కి 17, 31 నుంచి 35కి 16, 36 నుంచి 40కి 15, 41 నుంచి 45కి 14, 46 నుంచి 50కి 13. అక్కడి నుంచి ఐదేళ్లకు రెండు చొప్పున దిగి 65 దాటినవారికి 5 దగ్గర ఆగుతుంది. నేను ఒక పరీక్ష చేసి చూశాను. 34 ఏళ్ల మనిషికి 60 దాకా 26 ఏళ్లు. ఏడాదికో రూపాయి చొప్పున 26 ఏళ్లు రావలసిన డబ్బును 4 శాతం వడ్డీ లెక్కన ఈనాటి విలువకు తెస్తే 15.98 వస్తుంది. పట్టికలో ఉన్నది 16. పట్టిక అలా పుట్టిందని నేను అనడం లేదు. పాత తీర్పుల్లో పాటించిన అంకెల నుంచి అది కూర్చింది. కానీ ఆ అంకెలు గాలిలోవి కావని మాత్రం ఈ పోలిక చూపిస్తుంది.

ఇలాంటి పట్టిక మనకు కొత్త కాదు. సరళా వర్మకు ఇరవై ఏళ్ల ముందే, 1987లో, భగవాన్‌దాస్ వర్సెస్ మహమ్మద్ ఆరిఫ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వయసుల వారీగా గుణకాల పట్టిక కట్టింది. రాసింది జస్టిస్ ఎం. జగన్నాథరావు, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. హైదరాబాద్ చుట్టుపక్కల పాత అవార్డుల్లో ఆ పేరు తరచు కనిపిస్తుంది. కనుక పాత అవార్డునూ కొత్త అవార్డునూ పోల్చేటప్పుడు ఏ పట్టిక వాడారో ముందు చూడకపోతే పోలికే తప్పవుతుంది.

గుణకాన్ని నిర్ణయించేది వయసు, వయసును నిర్ణయించేది కాగితం. చాలామంది ఆధార్ చాలనుకుంటారు. 2024 అక్టోబరులో సరోజ్ వర్సెస్ ఇఫ్కో టోక్యో కేసులో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఈ తగాదాయే వచ్చింది. హర్యానాలోని రోహ్‌తక్ వైపు కేసు. ఆధార్‌ను బట్టి చూస్తే చనిపోయిన వ్యక్తికి 47 ఏళ్లు, గుణకం 13. స్కూలు సర్టిఫికెట్‌ను బట్టి 45, గుణకం 14. హైకోర్టు మొదటిది తీసుకుంది, సుప్రీంకోర్టు రెండోది. ఆధార్ మనిషి ఎవరో చెప్పడానికి, పుట్టిన తేదీ ఋజువుకు కాదన్నది దాని సారం. ఊళ్లలో ఎందరో పెద్దవాళ్ల ఆధార్‌లో జనవరి 1 అని ఉండటం చూసినవాళ్లకు ఈ తీర్పు ఆశ్చర్యం కలిగించదు. టీసీనో పదో తరగతి మెమోనో దొరికితే అది దాఖలు చేయాలి. దొరకని చోట పోస్టుమార్టం రిపోర్టులో డాక్టరు రాసిన సుమారు వయసు మీదే లెక్క నడుస్తుంది. ఆ సుమారు వయసు 35 దగ్గర పడిందా 36 దగ్గర పడిందా అన్నది ఎంత మార్పు తెస్తుందో కింద చూద్దాం.

ఇప్పుడు శామీర్‌పేట నమూనా. తూంకుంట వైపు అపార్టుమెంట్ల పనికి బైకు మీద వెళ్లే 34 ఏళ్ల సెంట్రింగ్ కూలీ. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. కూలి రోజుకు 600 అనుకుందాం. పే స్లిప్పు లేదు, పీఎఫ్ లేదు, డబ్బు శనివారం సాయంత్రం చేతికి వస్తుంది. రాజీవ్ రహదారి మీద లారీ గుద్ది చనిపోయాడు. భార్య ఓపీ దాఖలు చేసింది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, పోస్టుమార్టం రిపోర్టు, ఎంవీఐ రిపోర్టు ఎక్స్.ఏ-1 నుంచి వరసగా మార్కయ్యాయి. ఇన్సూరెన్సు కంపెనీ పాలసీ కాపీ ఎక్స్.బి-1. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు ఆమె పీడబ్ల్యూ-1గా బోనెక్కాక మొదలవుతుంది.

మీ ఆయనకు నెలకు ఎన్ని రోజులు పని ఉండేది అని కంపెనీ వకీలు అడుగుతాడు. ఆమె ఇరవై అయిదు అంటుంది. వానాకాలంలో కూడానా? ఇసుక దొరకని రోజుల్లో కూడానా? పండక్కి ఊరికి పోయేవాళ్లు కాదా? ఆమె కొంచెం తడబడి, అప్పుడప్పుడు ఉండకపోయేది సార్ అంటుంది. ఈ జవాబు నిజం. నిజం చెప్పిందనే దాని ఖరీదు ఎంతో లెక్క వేయాలి.

ఈ కుటుంబానికి గొలుసు ఇలా ఉంటుంది. 40 లోపు వయసు, సొంత కూలి పని, కాబట్టి 40 శాతం కలుస్తుంది. ఆశ్రితులు నలుగురు, కోత నాలుగో వంతు. 34 ఏళ్లు, గుణకం 16. 12ను 1.4తో, నాలుగింట మూడు వంతులతో, 16తో గుణిస్తే 201.6. నెల ఆదాయంలో ప్రతి రూపాయీ చివర రెండు వందలకు పైనే. రోజుకు 600 చొప్పున 25 రోజులైతే నెలకు 15,000, ఆధారపడిన నష్టం 30,24,000. నెలకు 20 రోజులేనని కోర్టు తీసుకుంటే నెలకు 12,000, నష్టం 24,19,200. నెలలో ఐదు రోజుల పని గురించిన ఒక్క జవాబు మీద 6,04,800 రూపాయలు ఆధారపడి ఉన్నాయి.

మిగతా మెట్లను దీనితో పోల్చండి. వయసు 34 కాక 36 అని తేలితే గుణకం 15 అవుతుంది. 15,000 ఆదాయం మీద 1,89,000 తగ్గుతుంది. తల్లి కొడుకు మీద ఆధారపడలేదని, ఆమెకు వేరే ఆదాయం ఉందని కంపెనీ నిరూపిస్తే ఆశ్రితులు ముగ్గురై కోత మూడో వంతు అవుతుంది. అప్పుడు వచ్చేది 26,88,000, తగ్గేది 3,36,000. తండ్రి బతికి ఉంటే ఆయన్ని ఐదో ఆశ్రితుడిగా చూపించాలని కుటుంబాలు ఆరాటపడతాయి. మామూలుగా తండ్రికి సొంత ఆదాయం ఉంటుందనే సరళా వర్మ భావించింది, ఆధారపడ్డాడని సాక్ష్యం ఉంటేనే లెక్కలోకి వస్తాడు. పైగా నలుగురైనా ఐదుగురైనా కోత నాలుగో వంతే. మూడు, నాలుగు మధ్య గీత దగ్గరో, ఆరు, ఏడు మధ్య గీత దగ్గరో మాత్రమే ఆ పోరాటానికి ఫలితం ఉంటుంది.

పై లెక్కలకు సాహచర్య నష్టం నలుగురికీ తలా 48,400 చొప్పున 1,93,600, మిగతా రెండు తలల కింద 36,300 కలిపితే 2,29,900. నెలకు 15,000 పద్దు మీద మొత్తం 32,53,900. దీని మీద పిటిషన్ వేసిన నాటి నుంచి సాధారణ వడ్డీ. ఏడున్నర శాతం వేసి, కేసు నాలుగేళ్లు నడిచిందనుకుంటే 9,76,170 అదనం. వడ్డీ అవార్డు మొత్తంలో భాగం కాదు, కానీ చెక్కులో కనిపిస్తుంది. ఊళ్లో ఒకరి చెక్కును మరొకరి అవార్డుతో పోల్చుకుని గొడవపడటానికి సగం కారణం ఇదే.

ఇక ఆదాయపు ఋజువు. కాగితం లేని చోట ట్రిబ్యునల్ ఏం చేస్తుంది? చాలాసార్లు కనీస వేతనాల నోటిఫికేషన్ వైపు చూస్తుంది, లేదా ఆ ఏడాదికి తాను మామూలుగా వేసే ఒక ఊహాత్మక ఆదాయం వేస్తుంది. 2021లో చంద్ర అలియాస్ చందా వర్సెస్ ముఖేశ్ కుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక హద్దు గీసింది. చనిపోయింది హెవీ వెహికిల్ డ్రైవరు, జీతం సర్టిఫికెట్ లేదు. కనీస వేతనం కొలబద్దగా పనికొస్తుంది గానీ అదే ఆఖరి మాట కాదని, కాగితం లేదన్న కారణంతో అట్టడుగు అంకె వేయకూడదని, వాస్తవానికి దూరం కాని కొంత ఊహ తప్పదని చెప్పింది. అంతకు ముందు 2011లో రామచంద్రప్ప కేసులో, బెంగళూరు కూలీ ఒకరు నెలకు 4,500 వస్తుందని చెప్పిన మాటను అది అసహజమేమీ కాదని ఒప్పుకుంది. ఈ తీర్పులు తలుపు తెరిచాయి, నిజమే. కానీ తెరిచిన తలుపు గుండా లోపలికి తీసుకుపోవడానికి ఏదో ఒక సాక్ష్యం కావాలి. కూలి 600 అని భార్య చెప్పడం ఒకటి, కూలి ఇచ్చిన మేస్త్రీ పీడబ్ల్యూ-2గా వచ్చి తన చేతి రాత పుస్తకం చూపించడం వేరు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు అతడి పని ఏమిటో చెప్తుంది, ఎంత సంపాదించాడో చెప్పదు. బ్యాంకు ఖాతాలో వారం వారం పడిన డబ్బు రెండూ చెప్తుంది. చనిపోయాక దాఖలు చేసిన ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం కేసును బలపరచకపోగా అనుమానం రేపుతుంది.

కోతల గురించి ఒక దురభిప్రాయం ఉంది. ఎల్ఐసీ డబ్బు వచ్చింది కాబట్టి అంత తగ్గిస్తారేమో, పీఎఫ్ వచ్చింది కాబట్టి తగ్గిస్తారేమో అని కుటుంబాలు దాచిపెడతాయి. దాచాల్సిన పని లేదు. 1998లో హెలెన్ రెబెల్లో కేసులోనే సుప్రీంకోర్టు జీవిత బీమా సొమ్మును పరిహారంలోంచి కోయకూడదని చెప్పింది. అది చనిపోయిన మనిషి తాను కట్టుకున్న ప్రీమియానికి ఫలం, ప్రమాదం తెచ్చిపెట్టిన లాభం కాదు. ఆదాయపు పన్ను మాత్రం కోస్తారు. పన్ను పోగా చేతికి వచ్చేదే ఆదాయం. మన సెంట్రింగ్ కూలీకి ఆ ప్రశ్నే రాదు.

అన్నిటికన్నా పెద్ద కోత గొలుసు బయట ఉంటుంది. ఆఖరి మొత్తం తేలాక, ప్రమాదంలో చనిపోయిన మనిషి తప్పు కూడా ఉందని ట్రిబ్యునల్ భావిస్తే అంత శాతం మొత్తం మీదే పోతుంది. 20 శాతం తప్పు అంటే 32,53,900లో 6,50,780. ఐదు రోజుల పని మీద పోయినదానికన్నా కొంచెం ఎక్కువే. శామీర్‌పేట రోడ్ల మీద ఇది ఎక్కడ వస్తుందంటే ముగ్గురు ఎక్కిన బైకు దగ్గర. 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: ముగ్గురు ఎక్కడం చట్ట ఉల్లంఘనే కావచ్చు, కానీ ఆ కారణంగానే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో చూపించకుండా దాన్ని తప్పుగా లెక్కేసి కోయకూడదు. అవార్డులో కోత కనిపిస్తే, కారణంగా ఏ సాక్ష్యాన్ని చూపించారో వెతకాలి. చార్జిషీటు లారీ డ్రైవరు మీదే ఉండి, కంపెనీ తరఫున కళ్లారా చూసిన సాక్షి ఎవరూ లేకపోతే ఆ కోత అప్పీలులో నిలవడం కష్టం.

ఈ వ్యాసానికి హద్దులున్నాయి. ఇది మరణం కేసుల లెక్క. గాయాల కేసుల్లో సొంత ఖర్చు కోత ఉండదు, వైకల్యం శాతం వస్తుంది, అది మరో కథ. నా నమూనాలోని రోజు కూలి ఊహ. మేడ్చల్ వైపు మేస్త్రీలు ఇచ్చేది అంతకన్నా ఎక్కువో తక్కువో ఉండవచ్చు. అయినా గొలుసులో 201.6 మారదు, మీ దగ్గరున్న నెల ఆదాయాన్ని దానితో గుణించుకోవచ్చు, కుటుంబమూ వయసూ అవే అయితే.

రెండు లెక్కలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం మిగిలింది. అమెరికా ఉద్యోగి కేసులో మూడు కోర్టుల మధ్య మొత్తం కోట్లలో మారింది. అయినా నెలకు 11,600 డాలర్లన్నది కాగితం మీద ఉంది కాబట్టి, ఆ అంకెను పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగారు. శామీర్‌పేట కూలీ కేసులో పట్టుకోవడానికి ఉన్నది మేస్త్రీ జేబులోని పుస్తకం. పెన్సిలుతో రాసిన పేర్లు, పేరు పక్కన గీతలు, వారం చివర డబ్బు ఇచ్చాక కొట్టేసిన అడ్డగీత. పని అయిపోయిన సైటులో ఆ పుస్తకాన్ని పారేస్తారు. కేసు వాంగ్మూలానికి వచ్చేసరికి రెండేళ్లు గడుస్తాయి, మేస్త్రీ వేరే జిల్లాలో ఉంటాడు. ప్రమాదం జరిగిన వారంలోనే ఎవరైనా వెళ్లి ఆ పేజీలు ఫోనులో ఫొటో తీసుకుని, మేస్త్రీ పేరూ అడ్రసూ రాసుకుని వస్తే, నెలకు ఇరవై రోజులా ఇరవై అయిదు రోజులా అన్న ప్రశ్నకు బోనులో తడబడాల్సిన అవసరం భార్యకు ఉండదు.